కేస్ షీట్‌ను జర్నల్‌కు పంపే కేస్ రిపోర్ట్‌గా మార్చడం ఎలా: సమ్మతి పత్రంతో సహా

కేస్ షీట్ రాసేది డ్యూటీలో ఉన్నవాళ్లు, ఎవరికి ఎప్పుడు ఏది తెలిస్తే అది. రాత్రి ఇంటర్న్ రాసినదాని కింద పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ చెప్పిన ముక్క ఉంటుంది. ఆ పక్కనే నర్సు చార్టు, వెనకాల పిన్ను కొట్టిన ల్యాబ్ రిపోర్టులు. జర్నల్ చదివేవాళ్లకు ఈ వరుసతో పని లేదు. రోగికి ఏమైంది, మీరు ఏం అనుకున్నారు, ఎందుకు అనుకున్నారు, చివరికి ఏమైంది అన్నదే వాళ్లకు కావాలి. అందుకే కేస్ షీట్‌ను ఇంగ్లిష్ సరిచేసి టైప్ చేసినంత మాత్రాన కేస్ రిపోర్ట్ అవదు.

చాలా జర్నళ్లు 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాల ప్రకారం రిపోర్ట్ రాయమంటాయి. ఆ చెక్‌లిస్టులోని అంశాలు: శీర్షిక, కీవర్డ్స్, సంగ్రహం, పరిచయం, రోగి వివరాలు, పరీక్షలో కనిపించినవి, కాలక్రమం, రోగ నిర్ధారణ, చికిత్స, ఫాలో అప్, చర్చ, రోగి మాట, సమ్మతి. రిపోర్ట్‌లో ఈ వరుసే ఉంటుంది గానీ పని మొదలుపెట్టేది మాత్రం ఈ వరుసలో కాదు.

ఈ వ్యాసం కోసం ఒక కేసు కల్పించాను. రోగి నిజం కాదు, వైద్యం నిజం. యాభైల్లో ఉన్న వ్యవసాయ కూలీ. కుష్ఠుకు మల్టీబాసిలరీ ఎండీటీ మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆయాసంతో వచ్చాడు. వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ 86 చూపిస్తోంది, ఆక్సిజన్ ఎంత పెట్టినా 87 దాటడం లేదు. చివరికి తేలింది డాప్సోన్ వల్ల వచ్చిన మెథెమోగ్లోబినీమియా.

మొదటి పని: ఒక్క వాక్యం

డాప్సోన్‌తో మెథెమోగ్లోబినీమియా వస్తుందని ఫార్మకాలజీ పుస్తకంలోనే ఉంది. "అరుదైన కేసు" అని పంపితే ఎడిటర్ మొదటి రోజే వెనక్కి పంపుతారు. కాబట్టి ఈ కేసు చదివినవాళ్లు రేపు వార్డులో ఏం వేరుగా చేస్తారన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి.

మన కేసులో ఆ వాక్యం ఇది: "క్లోఫాజిమిన్ వాడే రోగికి చర్మం ముందే నల్లబడి ఉంటుంది కాబట్టి నీలిరంగు కంటికి ఆనదు, పల్స్ ఆక్సిమీటర్‌కూ బ్లడ్ గ్యాస్‌కూ మధ్య తేడాయే మెథెమోగ్లోబినీమియాను పట్టిస్తుంది." ఎండీటీలో డాప్సోన్, క్లోఫాజిమిన్ రెండూ ఉంటాయి. ఒక మందు సమస్య తెస్తే రెండోది దాన్ని కప్పేస్తుంది. చెప్పదగ్గ విషయం ఇదే. ఇకపై కేస్ షీట్‌లోని ప్రతి ముక్కనూ ఈ వాక్యానికి పనికొస్తుందా అని చూసి ఉంచండి, లేదా తీసేయండి. ఆ వాక్యం కుదరకపోతే కేసును జర్నల్‌కు పంపే ముందు డిపార్ట్‌మెంట్ మీటింగులో చెప్పి చూడటం మంచిది.

రెండో పని: సమ్మతి, రోగి డిశ్చార్జ్ కాకముందే

డ్రాఫ్ట్ అంతా అయ్యాక చివర్లో సమ్మతి గుర్తొచ్చి, ఊరికి వెళ్లిపోయిన రోగి కోసం ఫోన్లు చేయడం మన దగ్గర మామూలు. నంబర్ మారిపోయి ఉంటుంది, లేదా ఫోన్ ఎత్తేది పక్కింటివాళ్లు. కుష్ఠు కేసులో అలాంటి ఫోనే గోప్యతను దెబ్బతీస్తుంది. అందుకే ఒక్క వాక్యం కుదిరిన రోజునే సమ్మతి అడగండి.

అడ్మిషన్‌లో తీసుకున్న సంతకం దీనికి చెల్లదు. అది చికిత్సకు, ప్రొసీజర్‌కు ఇచ్చిన ఒప్పుకోలు. తన కథ బయటివాళ్లు చదవడానికి ఇచ్చే ఒప్పుకోలు వేరు, విడిగా తీసుకోవాలి. ఎథిక్స్ కమిటీ "ఒక్క కేసే కదా, మా అనుమతి అక్కర్లేదు" అని లేఖ ఇచ్చినా రోగి సమ్మతి అవసరం పోదు. కొన్ని జర్నళ్లు తమ సొంత ఫారం మీదే సంతకం కావాలంటాయి; బీఎంజే కేస్ రిపోర్ట్స్ అలాంటిదే. ఎక్కడికి పంపాలో ముందే అనుకుంటే ఆ ఫారం దించుకుని, తెలుగులో వివరించి, ఒకేసారి పని ముగించవచ్చు.

రోగికి ఇచ్చే కాగితం ఆయనకు వచ్చిన భాషలో ఉండాలి. తెలుగులో ఇలా ఉంటే సరిపోతుంది:

> నా జబ్బు, పరీక్షలు, చికిత్స వివరాలను, ఈ కింద టిక్ పెట్టిన ఫొటోలను వైద్య పత్రికలో వేయడానికి డాక్టర్లు నన్ను అడిగారు. ఎందుకు వేస్తున్నారో నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు.
>
> నా పేరు, ఊరు, ఆసుపత్రి నంబర్ వేయరని చెప్పారు. అయినా నన్ను బాగా తెలిసినవాళ్లు చదివితే గుర్తుపట్టే అవకాశం పూర్తిగా లేకుండా పోదని కూడా చెప్పారు.
>
> ఈ పత్రికను ఇంటర్నెట్‌లో ఎవరైనా, ఏ దేశంలోనైనా చూడవచ్చని నాకు తెలుసు. దీనికి నాకు డబ్బు రాదు. నేను ఒప్పుకోకపోయినా నా వైద్యం మారదు.
>
> అచ్చు కాకముందు ఎప్పుడైనా నేను వద్దనవచ్చు. అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదని తెలుసు.
>
> రాసినది చదివి / చదివించుకుని ఒప్పుకుంటున్నాను. ఫొటోలు: చేతి గోళ్లు ☐  రక్తం ట్యూబు ☐  ముఖం ☐
>
> రోగి సంతకం లేదా వేలిముద్ర, తేదీ. సాక్షి సంతకం. వివరించిన డాక్టర్ సంతకం.

రెండో పేరాను తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది, రోగి భయపడతాడని. తీయకండి. "ఎవరికీ తెలియదు" అని మాట ఇచ్చే హక్కు మనకు లేదు. వేలిముద్ర అయితే సాక్షి ఉండాలి. ఆ సాక్షి మీ యూనిట్ పీజీ కాకుండా బయటి మనిషైతే మంచిది. ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సాక్షిగా అన్నయ్యనో, పక్క మంచం వాళ్లనో పిలిచే ముందు వాళ్లకు జబ్బు పేరు తెలుసా అని రోగినే పక్కకు పిలిచి అడగండి. ఇంట్లో "చర్మం జబ్బు" అని మాత్రమే చెప్పుకున్నవాళ్లు ఉంటారు.

పిల్లల విషయంలో తల్లి లేదా తండ్రి సంతకంతో పాటు, అర్థం చేసుకునే వయసుంటే పిల్లవాడి ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. రోగి చనిపోతే దగ్గరి బంధువును అడగాలి. స్పృహ లేని స్థితిలో బంధువు సంతకం పెట్టి, తర్వాత రోగి కోలుకుంటే, ఆయన్ను మళ్లీ స్వయంగా అడగండి.

సంతకం పెట్టిన కాగితంలో పేరు ఉంటుంది కాబట్టి దాన్ని వ్యాసం ఫైలుతో కలిపి పంపకూడదు. జర్నల్ ప్రత్యేకంగా అడిగితే తప్ప అది ఆసుపత్రి రికార్డులోనే ఉండాలి. వ్యాసం చివర మాత్రం ఒక వాక్యం రాస్తారు. ఇంగ్లిష్‌లో రాసే ఆ వాక్యం సారం: "ఈ కేసు వివరాలను, దీనితో ఉన్న చిత్రాలను ప్రచురించడానికి రోగి రాతపూర్వక సమ్మతి ఇచ్చారు, ఆ పత్రం ఎడిటర్ అడిగితే చూపిస్తాం." వేలిముద్ర తీసుకుని ఉంటే సాక్షి సమక్షంలో అని చేర్చండి. "ఎథిక్స్ అనుమతి ఉంది" అనేది వేరే వాక్యం, రెంటినీ కలపొద్దు. కలిపితే సమ్మతి లేదేమోనని రివ్యూయర్ అనుమానిస్తారు.

మూడో పని: తేదీలు తీసి రోజులు వేయడం

కేస్ షీట్ పక్కన పెట్టుకుని ఖాళీ కాగితం మీద కాలక్రమం రాయండి. క్యాలెండర్ తేదీలు వద్దు. అవి రోగిని గుర్తుపట్టిస్తాయి, పైగా చదివేవాళ్లకు వాటితో లెక్క కుదరదు. ఎండీటీ మొదలైన రోజును 0 అనుకుందాం.

| రోజు | జరిగింది |
|---|---|
| 0 | ఎండీటీ మొదలు, డాప్సోన్ రోజుకు 100 మి.గ్రా. |
| 38 | నడిస్తే ఆయాసం, తలనొప్పి |
| 41 | అడ్మిషన్. శాచురేషన్ 86%, ఆక్సిజన్‌తో 87%. సీటీ యాంజియోలో రక్తం గడ్డలు లేవు |
| 42 | కో-ఆక్సిమెట్రీలో మెథెమోగ్లోబిన్ 24%. డాప్సోన్ ఆపారు |
| 43 | జీ6పీడీ నార్మల్. మెథిలీన్ బ్లూ 50 మి.గ్రా.; గంటకు 7%, 12 గంటలకు 10% |
| 47 | 1.8%, డిశ్చార్జ్ |
| 135 | లక్షణాలు లేవు. మళ్లీ చేసిన జీ6పీడీ నార్మల్ |

ఈ టేబుల్ వేస్తే కేస్ షీట్ దాచిన సంగతులు బయటపడతాయి. ఇక్కడ ఒకటి ఉంది. డాప్సోన్ ఆపమని రాసింది 42వ రోజు మధ్యాహ్నం. కానీ ఎండీటీ బ్లిస్టర్ ప్యాక్ రోగి సంచిలోనే ఉంది. అడ్మిషన్ రోజు, మర్నాడు పొద్దున ఆయన మామూలుగానే మాత్ర వేసుకున్నాడు. వార్డు మందుల చార్టులో డాప్సోన్ లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఇది రాయాలా? రాయాలి. 24 శాతం అన్న అంకెకు ఇది లేకుండా అర్థం పూర్తి కాదు, చదివేవాళ్లకు పనికొచ్చే సంగతి కూడా ఇదే. ఏ తప్పునూ ఎవరికీ అంటగట్టకుండా "రోగి తన దగ్గరున్న మాత్రలు 42వ రోజు ఉదయం వరకు వాడారు" అని రాస్తే చాలు.

నాలుగో పని: కేసు భాగం రాయడం

కేస్ షీట్‌లో మొదటి పేజీ ఇలా ఉంటుంది: "52 ఏళ్ల పురుషుడు, ఫలానా ఊరు, ఫలానా మండలం, కూలీ. 3 రోజులుగా ఆయాసం. బీపీ, షుగర్, టీబీ, ఆస్తమా లేవు. మిశ్రమ ఆహారం. నిద్ర, ఆకలి నార్మల్. హాన్సెన్స్‌కు మందులు వాడుతున్నాడు. సైనోసిస్ ప్లస్/మైనస్. శాచురేషన్ 86 ఆర్ఏ. టు రూల్ అవుట్ పీఈ."

ఇదే రిపోర్ట్‌లోకి వెళ్లేసరికి ఇలా అవుతుంది: "యాభైల్లో ఉన్న పురుషుడు మూడు రోజులుగా పెరుగుతున్న ఆయాసంతో, తలనొప్పితో వచ్చారు. దగ్గు, జ్వరం, ఛాతీ నొప్పి లేవు. ఆరు వారాలుగా మల్టీబాసిలరీ కుష్ఠుకు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ వాడుతున్నారు. క్లోఫాజిమిన్ వల్ల చర్మం ముదురు రంగులోకి మారి ఉండటంతో సైనోసిస్ ఉందో లేదో ఇద్దరు డాక్టర్లు తేల్చలేకపోయారు. గది గాలిలో శాచురేషన్ 86%, నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్‌తో 87%. ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నాయి."

ఏం మారిందో చూడండి. ఆహారం, నిద్ర పోయాయి, ఎందుకంటే నిర్ధారణతో వాటికి సంబంధం లేదు. దగ్గు, జ్వరం లేవన్నది ఉండిపోయింది, ఎందుకంటే శాచురేషన్ 86 అనగానే డాక్టర్ మనసు న్యుమోనియా వైపు పోతుంది. "ప్లస్/మైనస్" అన్న గుర్తు నిజానికి ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ముక్క, దాన్నే పూర్తి వాక్యంగా విప్పాం. పీఈ అనుమానం ఇక్కడినుంచి తీసి నిర్ధారణ భాగంలోకి పంపాం.

నిర్ధారణ భాగంలో పరీక్షల జాబితా రాయకండి, ఆలోచన నడిచిన తీరు రాయండి. ఏం అనుమానించారు, ఏ పరీక్ష దాన్ని కాదంది, ఏ అంకె దారి మళ్లించింది? మన కేసులో మళ్లించింది బ్లడ్ గ్యాస్. ఆక్సిజన్ మీద పీఏఓటూ 212 ఎంఎం వచ్చింది, యంత్రం లెక్కగట్టిన శాచురేషన్ 99%. వేలి మీద 87, కాగితం మీద 99. బ్లడ్ గ్యాస్ యంత్రం ఆ అంకెను ఆక్సిజన్ ఒత్తిడి నుంచి లెక్క వేస్తుంది, హిమోగ్లోబిన్ ఏ స్థితిలో ఉందో చూడదు. పల్స్ ఆక్సిమీటర్ వాడే రెండు కాంతులనూ మెథెమోగ్లోబిన్ ఇంచుమించు సమానంగా పీల్చుకుంటుంది, అందుకే అది పెరిగేకొద్దీ రీడింగ్ 85 దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. సిరంజిలో రక్తం చాక్లెట్ రంగులో ఉండి, గాలి తగిలినా ఎర్రబడకపోవడం తర్వాతి ఆధారం. కో-ఆక్సిమెట్రీతో ఖాయమైంది. ప్రతి అంకె పక్కన యూనిట్, మీ ల్యాబ్ నార్మల్ రేంజ్ ఇవ్వండి. రీడింగ్ తీసినప్పుడు ఆక్సిజన్ ఉందా లేదా రాయకపోతే ఈ కేసే నిలబడదు.

చికిత్సలో మోతాదు కిలో లెక్కన, ఎంతసేపట్లో ఇచ్చారో కూడా చెప్పండి: మెథిలీన్ బ్లూ కిలోకు 1 మి.గ్రా., మొత్తం 50 మి.గ్రా., సిరలో ఐదు నిమిషాల పాటు. జీ6పీడీ ముందు ఎందుకు చూశారో ఒక వాక్యం చాలు: ఆ ఎంజైమ్ లేనివాళ్లలో ఈ మందు పనిచేయకపోగా రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. 12 గంటలకు 7 నుంచి 10 శాతానికి పెరిగిన సంగతిని దాచకండి. డాప్సోన్ ఒంట్లో ఒక రోజు పైనే నిలిచే మందు కాబట్టి మెథెమోగ్లోబిన్ మళ్లీ పెరగడం అనుకున్నదే. అన్నీ నున్నగా తగ్గినట్టు రాస్తే తెలిసిన రివ్యూయర్‌కు అక్కడే అనుమానం వస్తుంది. కుష్ఠు చికిత్స ఏమైందో కూడా చెప్పాలి: డాప్సోన్ ఆపి మిగతా రెండు మందులూ కొనసాగించారు.

ఐదో పని: ఆనవాళ్లు తీయడం

పేరు తీయడం తేలిక. పట్టించేది వివరాల కలయిక. మండలం, వృత్తి, వయసు, కుష్ఠు, ఫలానా నెలలో అడ్మిషన్, ఈ ఐదూ ఒకచోట ఉంటే ఆ ఊరివాళ్లకు పేరు అక్కర్లేదు. రిపోర్ట్‌కు అవసరం లేని ఊరు, మండలం, నెల తీసేయండి. వృత్తి వల్ల మన వాక్యానికి ఒరిగేదేమీ లేదు కాబట్టి అదీ తీసేయవచ్చు. పురుగుమందు కేసైతే వృత్తి ఉండాల్సిందే. తీసేయడం వేరు, మార్చేయడం వేరు. గోప్యత కోసమని మగవాడిని ఆడమనిషిగానో, 52ను 35గానో రాస్తే అది తప్పుడు డేటా.

ఫొటోల్లో కళ్లమీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందన్న నమ్మకం ఇంకా ఉంది. అది సరిపోదని వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ అయిన ఐసీఎంజేఈ సిఫార్సులు స్పష్టంగా చెబుతాయి. ఈ కేసులో ముఖం అసలు అక్కర్లేదు. మామూలు రక్తం ట్యూబు పక్కన చాక్లెట్ రంగు ట్యూబు పెట్టి తీసిన ఫొటో చాలు. ట్యూబు మీద స్టిక్కర్‌లో ఐపీ నంబర్ కనిపిస్తోందేమో పెద్దది చేసి చూడండి. సీటీ బొమ్మ మూలలో పేరు ఉంటుంది. స్లైడులో దానిమీద నల్ల డబ్బా పెట్టి దాచితే ఫైలు తెరిచినవాళ్లు ఆ డబ్బాను జరిపి చూడగలరు. బొమ్మనే కత్తిరించి కొత్తగా సేవ్ చేయాలి. ఫైలు పేరులో రోగి పేరు ఉండిపోవడం కూడా తరచూ జరిగేదే.

ఆరో పని: చర్చ, తర్వాత మిగతావి

ముందు పాత కేసులు వెతకండి. పబ్‌మెడ్‌లో ఇలా కొట్టవచ్చు:

```
dapsone AND methemoglobinemia[MeSH Terms]
AND leprosy[MeSH Terms] AND case reports[pt]
```

"మొదటి కేసు", "ఇంతవరకు రాలేదు" లాంటి మాటలు ఈ వెతుకులాట తర్వాత కూడా రాయకపోవడమే క్షేమం.

మందు వల్లే వచ్చిందని నమ్మించాలంటే నారంజో స్కేలు వాడతారు. మన కేసుకు లెక్క వేద్దాం. ఈ దుష్ఫలితం ముందే నమోదై ఉంది: 1. మందు మొదలయ్యాక వచ్చింది: 2. మందు ఆపాక, విరుగుడు ఇచ్చాక తగ్గింది: 1. వేరే కారణాలు లేవు: 2. పరీక్షతో రుజువైంది: 1. మిగతా ప్రశ్నలకు సున్నా. మొత్తం 7. ఐదు నుంచి ఎనిమిది వరకు "బహుశా", తొమ్మిది ఆపైన "ఖచ్చితం". కాబట్టి డాప్సోన్ వల్లే అని ఖాయంగా రాయలేం, మందును మళ్లీ ఇచ్చి చూడలేదు కాబట్టి. "బహుశా" అనే రాయండి. వేరే కారణాలు లేవు అన్న రెండు మార్కులకు కూడా పని చేయాలి: బావి నీటిలో నైట్రేట్, నొప్పికి పూసిన మత్తుమందు, నాటు మందులు, వీటి గురించి రోగిని అడిగారా? కేస్ షీట్‌లో లేకపోతే ఇప్పుడే అడగండి. అడగకపోతే ఆ రెండు మార్కులు వేసుకోకండి.

పరిమితి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తకణాలు పగులుతున్న సమయంలో కొత్త కణాలు ఎక్కువగా ఉండి జీ6పీడీ పరీక్ష నార్మల్ అని మోసం చేయవచ్చు. 43వ రోజు నార్మల్ మీద అనుమానం ఉండబట్టే మూడు నెలలకు మళ్లీ చేశారు. ఆ రెండో పరీక్ష చేయించకపోతే, చేయించలేదనే రాయాలి.

పరిచయం, సంగ్రహం, శీర్షిక చివర్లో రాసుకోండి, అప్పటికి ఏం చెప్పారో మీకే తెలుస్తుంది. పరిచయం ఒక పేరా చాలు. శీర్షికలో "కేస్ రిపోర్ట్" అన్న మాట ఉండాలి.

రోగి మాట అన్న విభాగాన్ని చాలామంది వదిలేస్తారు. సమ్మతి తీసుకునేటప్పుడే రెండు ప్రశ్నలు వేసి, ఆయన అన్నది అన్నట్టుగా రాసుకుని అనువదించండి. డాక్టర్ భాషలోకి దిద్దకండి.

పంపే ముందు

రచయితల పేర్లు ఐసీఎంజేఈ నాలుగు షరతుల ప్రకారం తేల్చండి: పనిలో గణనీయమైన పాలు, రాయడమో దిద్దడమో, చివరి ప్రతికి ఒప్పుకోలు, మొత్తం వ్యాసానికి బాధ్యత. నాలుగూ ఉండాలి. కో-ఆక్సిమెట్రీ చేసి ఇచ్చిన టెక్నీషియన్‌కు కృతజ్ఞతల్లో చోటు. హెడ్ అయినంత మాత్రాన రచయిత కారు. ఈ మాట డిపార్ట్‌మెంట్‌లో చెప్పడం కష్టమే, కాబట్టి మొదటి రోజే చెప్పుకోవడం నయం.

మందు దుష్ఫలితం కేసు కాబట్టి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు ఏడీఆర్ ఫారం కూడా వెళ్లాలి. మీ కాలేజీ ఫార్మకాలజీ విభాగంలో కేంద్రం ఉంటే అక్కడ ఇవ్వండి, లేదా 1800-180-3024కు ఫోన్ చేయండి. జర్నల్‌లో అచ్చయ్యే వరకు దీన్ని ఆపకూడదు.

రివ్యూ తర్వాత "చర్మం రంగు చూపే ఫొటో ఒకటి చేర్చండి" అని అడగడం మామూలే. సమ్మతి పత్రంలో గోళ్లకు, ట్యూబుకు మాత్రమే టిక్ ఉంటే ముఖం ఫొటో మీ ఫోన్‌లో ఉన్నా పంపడానికి లేదు. రోగిని కలిసి, ఆ ఫొటో చూపించి, కొత్త కాగితం మీద మళ్లీ సంతకం తీసుకోండి. ఆయన వద్దంటే ఎడిటర్‌కు "రోగి సమ్మతించలేదు" అని ఒక్క వాక్యం రాయండి.